30 డిగ్రీలు, 75 శాతం

మలేసియాలో చాలా మందుల డబ్బాలు తిప్పి చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి మలయ్‌లో ‘తారిఖ్ లుపుత్’ అనో, మామూలుగా ‘ఎక్స్‌పైరీ’ అనో అచ్చేసిన గడువు తేదీ. రెండోది ‘30 డిగ్రీల లోపు నిలవ ఉంచండి’ అన్న మాట. అందరూ మొదటిదే చూస్తారు, రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఆ రెండూ ఒకే వాక్యంలోని రెండు ముక్కలు. ఈ మందు, ఈ ప్యాకింగులో, మూత తెరవకుండా, ఇంత వేడి మించకుండా ఉంచితే ఫలానా నెల చివరి రోజు దాకా లేబుల్ మీద రాసినంత బలంగా ఉంటుందని కంపెనీ రాసిచ్చిన హామీ అది. షరతుల్లో ఒక్కటి తప్పినా తేదీకి విలువ ఉండదు. తేదీ మందులోని రసాయనానిది కాదు. మందూ, డబ్బా, వాతావరణం మూడూ కలిసినదానిది.

ఈ సంగతి బాగా తెలియాలంటే ఒక మందును పట్టుకుని చివరి దాకా వెళ్లాలి. అమాక్సిసిలిన్‌, క్లావులనేట్ కలిపిన యాంటీబయాటిక్‌ను తీసుకుందాం. హైదరాబాదులోనైనా కౌలాలంపూరులోనైనా గొంతు నొప్పికీ, సైనస్‌కీ, పంటి వాపుకీ డాక్టర్లు విరివిగా రాసే మందు ఇది. 625 అని పిలిచే మాత్రలో 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్‌, 125 మిల్లీగ్రాముల క్లావులనిక్ ఆమ్లం ఉంటాయి. బాక్టీరియాను చంపేది మొదటిది. కొన్ని బాక్టీరియాలు దాన్ని కోసిపారేసే ఎంజైమును తయారు చేసుకుంటాయి, ఆ ఎంజైమును అడ్డుకునేది రెండోది. మందుల తయారీలో పనిచేసేవాళ్లను అడగండి, ఇద్దరిలో ఎవరితో తలనొప్పి అని. అందరూ క్లావులనేట్ పేరే చెబుతారు.

కారణం దాని అణువులోనే ఉంది. పెన్సిలిన్ కుటుంబపు మందులన్నింటి గుండెలోనూ నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటుంటుంది. నాలుగు మూలల్లో ఇరుక్కున్న ఆ బంధాల మీద ఎప్పుడూ ఒత్తిడే. నీటి అణువు తగిలితే వలయం తెగిపోతుంది, తెగిన వలయానికి మందు గుణం ఉండదు. దీన్నే జలవిశ్లేషణ అంటారు. అమాక్సిసిలిన్ ఈ దాడిని కొంతవరకు తట్టుకుంటుంది. క్లావులనేట్ మాత్రం గాలిలో తేమను తనే పీల్చుకుని, ఆ తేమతోనే విరిగిపోతుంది. అందుకే దాన్ని మాత్రలుగా నొక్కే గదుల్లో గాలిని ప్రత్యేకంగా ఆరబెట్టి, తేమ బాగా తక్కువగా ఉంచుతారు. పైగా అమాక్సిసిలిన్ స్ఫటికంలోనే మూడు నీటి అణువులు బంధించి ఉంటాయి. అంటే ఒకే మాత్రలో నీళ్లంటే పడనిదాని పక్కన నీళ్లు మోసుకొచ్చేదాన్ని కూర్చోబెడుతున్నారన్న మాట.

ఇప్పుడీ మాత్రను జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఒక కంపెనీ తయారుచేసి మలేసియాకు పంపాలనుకుందనుకోండి. అక్కడ మందులకు అనుమతినిచ్చేది డ్రగ్ కంట్రోల్ అథారిటీ. దాని తరఫున కాగితాలు పరిశీలించేది పెటాలింగ్ జయాలోని జాతీయ ఔషధ నియంత్రణ సంస్థ, ఎన్.పి.ఆర్.ఎ. అనుమతి దొరికిన ప్రతి మందుకీ ఎం.ఏ.ఎల్. అన్న అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. ఆ నంబరు కోసం సమర్పించే ఫైళ్లలో ఓపికను బాగా పరీక్షించేది స్థిరత్వ పరీక్షల నివేదిక. దాన్ని కంపెనీల్లో అందరూ ‘స్టెబిలిటీ డేటా’ అనే అంటారు. డబ్బు పెట్టి తొందర పెట్టడానికి వీల్లేని పని అది. 12 నెలల డేటా కావాలంటే 12 నెలలు ఆగాల్సిందే.

పద్ధతి చూడ్డానికి సులువుగానే ఉంటుంది. మూడు వేర్వేరు బ్యాచ్‌ల మాత్రలను మార్కెట్లో అమ్మబోయే ప్యాకింగులోనే పెట్టి స్టెబిలిటీ ఛాంబర్‌లో ఉంచుతారు. ఛాంబర్ అంటే ఏళ్ల తరబడి ఒకే వేడి, ఒకే తేమ నిలబెట్టే పెద్ద బీరువా లేదా గది. మొదటి ఏడాది మూడేసి నెలలకోసారి, రెండో ఏడాది ఆరేసి నెలలకోసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి కొన్ని ప్యాకెట్లు బయటకు తీసి పరీక్షిస్తారు. అసలు మందు ఎంత మిగిలింది, విరిగిన ముక్కలు ఎంత పోగయ్యాయి, మాత్ర నీటిలో వేస్తే ఎంత సేపటికి మందు బయటికి వస్తోంది, రంగు మారిందా, తేమ ఎంత పీల్చింది అన్నవి చూస్తారు. ఇందులో ఏది ముందు హద్దు దాటితే గడువు అక్కడితో సరి. అమాక్సిసిలిన్ 98 శాతం ఉన్నా సరే, క్లావులనేట్ హద్దు కిందికి జారితే ఆ మాత్ర తప్పినట్టే. కొన్ని మందుల్లో అసలు మందు బాగానే ఉంటుంది గానీ మాత్ర రాయిలా గట్టిపడి కడుపులో కరగదు, అదీ తప్పడమే.

ఛాంబర్‌లో ఎంత వేడి, ఎంత తేమ పెట్టాలన్నదే మలేసియా ప్రత్యేకత. మందుల కోసం ప్రపంచాన్ని నాలుగు వాతావరణ మండలాలుగా విడదీయాలన్న ప్రతిపాదన 1972లో వచ్చింది. యూరప్‌, అమెరికా, జపాన్ రెండో మండలంలోకి వస్తాయి. వాటికి దీర్ఘకాల పరీక్ష 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ. వేడీ తేమా రెండూ ఎక్కువున్న ఉష్ణ దేశాలు నాలుగోది. అక్కడ ఎంత పెట్టాలన్న దానిపై చాలా కాలం పేచీ నడిచింది. పెద్ద కంపెనీలూ, ధనిక దేశాల నియంత్రణ సంస్థలూ కలిసి నడిపే ఐ.సి.హెచ్. 2003లో 30 డిగ్రీలు, 65 శాతం చాలునంది. ఆగ్నేయాసియా దేశాలు ఒప్పుకోలేదు. తమ ఊళ్లలో గాలి అంతకంటే చాలా తడిగా ఉంటుందని చెప్పి, ఆసియాన్ కూటమి 2005లో 30 డిగ్రీలు, 75 శాతం అని తన మార్గదర్శకంలో రాసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత నాలుగో మండలాన్ని ఎ, బి అని రెండుగా చీల్చి 75 శాతాన్ని బి కిందికి చేర్చింది. ఐ.సి.హెచ్. 2006లో తన పత్రాన్ని వెనక్కి తీసుకుంది. మందుల చరిత్రలో చిన్న దేశాల మాట పెద్ద కంపెనీల మీద నెగ్గిన సందర్భాలు ఎక్కువేమీ లేవు, అందుకే దీన్ని గుర్తుచేయాలనిపించింది.

యూరప్ 60కీ మలేసియా 75కీ అంత తేడా ఏముందని అడగొచ్చు. మాత్రల అట్టలోకి చొరబడేది తేమ శాతం కాదు, గాలిలో ఉన్న నీటి ఆవిరి పీడనం. 25 డిగ్రీల దగ్గర గాలి నిండుగా నీటిని పట్టుకుంటే ఆ పీడనం సుమారు 32 మిల్లీబార్లు, 30 డిగ్రీల దగ్గర సుమారు 42. యూరప్ షరతుల్లో అందులో 60 శాతం అంటే 19. మలేసియా షరతుల్లో 75 శాతం అంటే 32కి దగ్గర. అట్టను బయటి నుంచి నెట్టే నీటి ఆవిరి ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. దీని మీద వేడి పెరిగితే రసాయన చర్య వేగమూ పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యలు రెండు మూడు రెట్లు చురుగ్గా సాగుతాయి. ఒకే మాత్ర, ఒకే అట్ట అయినా లండన్‌లో మూడేళ్లు వచ్చేది ఈపోలో రెండేళ్లకే తప్పడానికి ఇదే కారణం.

కౌలాలంపూరు సగటు ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీలే కదా, 30 దాకా ఎందుకు అని కూడా అడుగుతారు. విచ్ఛిత్తి సగటును పట్టించుకోదు. మధ్యాహ్నం 34 డిగ్రీల్లో జరిగిన నష్టాన్ని తెల్లవారుజామున 23 డిగ్రీలు పూడ్చలేవు, ఎందుకంటే వేడిలో చర్య వేగం ఒకే లెక్కన కాకుండా రెట్లలో పెరుగుతుంది. అందువల్ల మామూలు సగటుకు బదులు వేడి గంటలకు ఎక్కువ బరువిచ్చే ఇంకో సగటు తీస్తారు, పైన కొంత జాగ్రత్త కలుపుతారు.

ఇక తేదీ ఎలా పుడుతుందో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. మన మాత్రలో క్లావులనేట్ మొదట్లో 100 శాతం ఉందనుకోండి. 30 డిగ్రీలు, 75 శాతం ఛాంబర్‌లో ఏడాది ఉంచాక కొలతల గుండా గీత గీస్తే నెలకు 0.3 శాతం చొప్పున తరుగుతోందని తేలింది. కింది హద్దు 90 శాతమైతే గీత దాన్ని సుమారు 33 నెలలకు తాకుతుంది. కానీ కొలతలు చెల్లాచెదురుగా ఉంటాయి, మూడే బ్యాచ్‌లు, ఐదే కొలతలు. అందుకే గీతను నమ్మకుండా, దాని కింద 95 శాతం నమ్మకంతో గీసిన ఇంకో వంకర గీతను చూస్తారు. అది 27వ నెలలో హద్దును తాకిందనుకుందాం. అయినా 27 నెలలు ఇవ్వరు. కొలిచిన కాలానికి రెట్టింపు దాకా, అదీ 12 నెలలకు మించకుండా మాత్రమే ముందుకు లెక్కకట్టవచ్చు. చేతిలో ఉన్నది 12 నెలల డేటా కాబట్టి దొరికే గడువు 24 నెలలు. ఛాంబర్‌లో ప్యాకెట్లు అలాగే ఉంటాయి, తర్వాతి ఏళ్ల కొలతలు బాగుంటే కంపెనీ మళ్లీ దరఖాస్తు పెట్టి గడువు పెంచుకోవచ్చు. తేదీ వెనకున్న ఈ జాగ్రత్త వల్లే గడువు దాటిన మర్నాడు మందు విషమైపోదు. అది అంతదాకా పరీక్షించి చెప్పిన తేదీ, అణువు చచ్చిపోయే తేదీ కాదు.

ఆ 24 నెలలు దక్కాలన్నా ఇంకో పరీక్ష గట్టెక్కాలి. 40 డిగ్రీలు, 75 శాతంలో ఆరు నెలలు. దీన్ని వేగవంతమైన పరీక్ష అంటారు. అక్కడ మందు 5 శాతం తరిగితే ‘గణనీయమైన మార్పు’ అని రాయాలి. యూరప్‌కు పంపేవాళ్లయితే ఇలా తప్పినప్పుడు మధ్యస్థంగా 30 డిగ్రీలు, 65 శాతంలో చూపించి బయటపడే దారి ఉంది. మలేసియాలో ఆ మధ్య మెట్టు లేదు, దీర్ఘకాల పరీక్షే అంతకంటే కఠినం. కనుక అప్పుడు ముందుకు లెక్కకట్టే వెసులుబాటు తగ్గిపోతుంది, కొలిచిన నెలలనే నమ్ముకోవాలి.

క్లావులనేట్ మాత్రలను మామూలు ప్లాస్టిక్ బ్లిస్టర్‌లో పెట్టి ఈ ఛాంబర్‌లోకి తోస్తే నిలవడం కష్టం. పారదర్శకమైన పి.వి.సి. రేకు నీటి ఆవిరిని చాలానే లోపలికి రానిస్తుంది. అందుకే ఈ మాత్రలు రెండువైపులా అల్యూమినియం ఉన్న అట్టలో వస్తాయి. లేదా ప్లాస్టిక్ బ్లిస్టర్‌ను మళ్లీ అల్యూమినియం సంచిలో పెట్టి, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం వేసి అతికిస్తారు. లేబుల్ మీది తేదీ ఆ సంచి మూసి ఉన్నంతవరకే. చాలా బ్రాండ్లు సంచి తెరిచాక 14 రోజుల్లోనో 30 రోజుల్లోనో వాడాలని కాగితంలో రాస్తాయి. ఎవరు చదువుతారు?

మలేసియాలో అది చదవకపోతే నష్టం కొంచెం ఎక్కువే. అక్కడ ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరు దగ్గరే మందులు ఇస్తారు. పెద్ద సీసాలోంచి లెక్కపెట్టిన బిళ్లలను జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, మీద పేరూ మోతాదూ రాసి చేతికిస్తారు. మూడు రోజుల పారాసిటమాల్‌కు ఇది పెద్ద నష్టమేమీ కాదు. పారాసిటమాల్ గట్టి అణువు, తేమతో పేచీ లేదు. అదే కవర్లో క్లావులనేట్ మాత్రను అట్ట చింపి వేసి, మిగిలిన నాలుగు ‘మళ్లీ జ్వరమొస్తే పనికొస్తాయి’ అని పెరాక్‌లోని బాగన్ దాతుక్ వంటి సముద్రతీరపు ఇంట్లో అల్మారాలో ఆరు నెలలు దాచారనుకోండి. ఒకప్పుడు కొబ్బరి తోటల్లో పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతం అది, ఏడాది పొడుగునా గాలి తడిగానే ఉంటుంది. పల్చని కవర్లో ఆ మాత్ర, మూత తీసిన డబ్బాలో అప్పడంలా మెత్తబడుతుంది. తెల్లటి పూత మీద పసుపో గోధుమ రంగో మచ్చలు వస్తే క్లావులనేట్ విరిగిపోయిందని గుర్తు. అయితే మచ్చ రాకముందే బలం తగ్గి ఉండవచ్చు, కనుక మచ్చ లేదని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. మిగిలిన అమాక్సిసిలిన్‌తో తేలికపాటి జబ్బు తగ్గిపోవచ్చు కూడా. ఎంజైము ఉన్న బాక్టీరియా అయితే తగ్గదు, మందు వాడినా తగ్గలేదని డాక్టరు ఇంకా బలమైన మందుకు మారతారు. అసలు తప్పు కవరుదని ఎవరికీ తెలియదు.

ఊరి నుంచి వచ్చే చుట్టాలు తెచ్చే మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మలేసియాలో అమ్మకానికి అనుమతి పొందిన ప్యాకింగు 75 శాతం తేమలో నిలిచింది. విశాఖలో కొన్నది అదే కంపెనీది, అదే మాత్ర అయినా, దాన్ని మన దేశపు అమ్మకాల కోసం వేరే అట్టలో పెట్టి ఉండవచ్చు. దాని మీది తేదీ మన దేశపు షరతులకు వర్తించేది. లేబుల్ మీద ‘25 డిగ్రీల లోపు’ అని ఉంటే మలేసియా ఇంట్లో ఏసీ లేని గదిలో ఆ షరతు ఒక్క రోజు కూడా నిలవదు.

ఇదే మందు పిల్లలకు సిరప్‌గా కూడా వస్తుంది. ఫార్మసీలో ఇచ్చేటప్పుడు అది సిరప్ కాదు, సీసా అడుగున పొడి. పొడిగా ఉన్నంతకాలం నీరు లేదు కాబట్టి అది ఏళ్లు నిలుస్తుంది. ఫార్మసిస్టు కొలిచిన నీరు పోసి ఊపిన క్షణం నుంచి ఆ వలయాలు నీళ్లలో మునిగి ఉంటాయి. ఇప్పుడు గడువు 7 రోజులు, అదీ 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో. సీసా మీద అచ్చేసిన ఏడాది ఇక లెక్కలోకి రాదు, పెన్నుతో రాసిన కలిపిన తేదీయే లెక్క. వంటగది బల్ల మీద మరిచిపోతే క్లావులనేట్ అమాక్సిసిలిన్ కంటే చాలా వేగంగా తరుగుతుంది, ఏడు రోజుల లెక్క అక్కడ చెల్లదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి, తలుపు తెరిచిన ప్రతిసారీ అక్కడే వేడెక్కుతుంది. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా పాడవుతుంది. వారం తర్వాత మిగిలిన సగం సీసా చూడ్డానికి, వాసనకు మొదటి రోజులాగే ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు.

కంటి చుక్కల మందులో కథ వేరు. అక్కడ మూత తీశాక భయం రసాయనం కంటే క్రిములది. ప్రతిసారీ సీసా ముక్కు కనురెప్పకో వేలికో తగులుతుంది, చుక్క వదిలాక సీసా వెనక్కి గాలి పీల్చుకుంటుంది, దానితో పాటు క్రిములూ లోపలికి వెళ్తాయి. వాటిని చంపడానికి బెంజాల్కోనియం క్లోరైడ్ వంటి నిలవకారిని వేస్తారు, కానీ దానికీ ఒక హద్దుంది. పైగా కంటికి పడకపోవడం వల్ల దాన్ని ఎక్కువ వేయలేరు. తెరిచిన తర్వాత గడువు తేల్చడానికి ప్రయోగశాలలో రోగి వాడినట్టే వాడి చూస్తారు. రోజూ మూత తీసి, చుక్కలు వదిలి, మూత పెట్టి, కొన్ని రోజులకోసారి లోపలి మందును పరీక్షిస్తారు. పరీక్షించే బ్యాచ్‌లలో కనీసం ఒకటి గడువు దగ్గర పడినదై ఉండాలి, ఎందుకంటే అప్పటికి నిలవకారి కూడా కొంత బలం కోల్పోయి ఉంటుంది. చాలా చుక్కల మందులకు తేలిన లెక్క తెరిచిన 28 రోజులు. సీసాలో ఇంకా సగం మిగిలినా, లేబుల్ మీద రెండేళ్లు ఉన్నా, కన్ను విషయంలో ఈ లెక్కను దాటకూడదు.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే గ్లిజరిల్ ట్రైనైట్రేట్ మాత్రలది ఇంకో రకం నష్టం. ఆ అణువు విరగదు, ఎగిరిపోతుంది. మామూలు వేడిలోనే ఆవిరై ప్లాస్టిక్‌లోకి, దూదిలోకి ఇంకిపోతుంది. అందుకే అది గాజు సీసాలో, బిగువైన మూతతో వస్తుంది. తెరిచిన 8 వారాలకు కొత్తది తీసుకోమంటారు. రోజువారీ మందుల పెట్టెలో వేస్తే మాత్ర అలాగే కనిపిస్తుంది, మందు మాత్రం పెట్టె గోడల్లో ఉంటుంది. వేడిగా ఉండే కారు డ్యాష్‌బోర్డులో ఆ సీసా ఉంచుకునేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఎండలో మూసి ఉంచిన కారు లోపలి వేడి ఛాంబర్‌లోని 40 డిగ్రీలను ఎంతో మించిపోతుంది, ఆ వేడికి లేబుల్ మీది తేదీ వర్తించదు.

గడువు దాటితే విషమవుతుందన్న భయం 1963 నాటిది. పాడైన టెట్రాసైక్లిన్ మాత్రలు మింగినవాళ్లకు మూత్రపిండాల దెబ్బ తగిలిందని అప్పుడు అమెరికాలో రాశారు. ఆ విచ్ఛిత్తికి తోడ్పడిన సిట్రిక్ ఆమ్లాన్ని తర్వాత ఆ మాత్రల్లోంచి తీసేశారు. ఇప్పటి మందుల్లో ఎక్కువ ముప్పు విషంతో కాదు, బలం తగ్గడంతో. దీనికి అడ్డు చెప్పేవాళ్లు అమెరికా సైన్యం లెక్క చూపిస్తారు. అక్కడి ఎఫ్.డి.ఎ. 1986 నుంచి సైనిక నిలవలను మళ్లీ పరీక్షిస్తోంది. 2006లో అచ్చయిన నివేదిక ప్రకారం 122 రకాల మందుల్లో 3005 బ్యాచ్‌లు చూస్తే 88 శాతం బ్యాచ్‌లకు గడువు పెంచవచ్చని తేలింది, సగటున 66 నెలలు. అది నిజమే. కానీ అవి ఎవరూ తెరవని ప్యాకింగులు, వేడిని అదుపులో ఉంచిన గోదాముల్లోవి, ప్రతి బ్యాచ్‌నూ విడిగా పరీక్షించాకే పెంచారు. జిప్ కవర్లోని నాలుగు క్లావులనేట్ మాత్రల మీద ఆ నివేదిక ఏమీ చెప్పదు. మలేసియాలోనైతే అటువంటివి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీకి తిరిగి ఇచ్చేయవచ్చు, వాడని మందులను వాళ్లు తీసుకుంటారు.